స్పీడ్ వంద చూపిస్తున్నా మీటింగ్‌లో మాట ఎందుకు తెగుతుంది?

క్లుప్తంగా: వీడియో మీటింగ్‌కు గానీ ఆన్‌లైన్ ఆటకు గానీ కావలసిన బ్యాండ్‌విడ్త్ కొద్దిగానే. వాటిని పాడుచేసేవి వేరే మూడు: ప్యాకెట్ అనే చిన్న డేటా పొట్లానికి దారిలో ఎంతసేపు పట్టింది, ఆ సమయం క్షణక్షణానికీ ఎంత మారింది, మధ్యలో ఎన్ని ప్యాకెట్లు పోయాయి. ఇంటి కనెక్షన్‌లో ఈ మూడూ ఒక్కసారిగా చెడిపోయే చోటు ఒకటుంది. అది అప్‌లోడ్ దారి మొదట్లో పేరుకునే క్యూ. పెద్ద ప్లాన్‌తో అది కొంత తగ్గుతుంది. రౌటర్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే దాదాపు పోతుంది.

కూకట్‌పల్లి నుంచి నల్లగండ్ల దాకా హైదరాబాద్ పడమటి వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం ఏడు దాటాక అమెరికా వాళ్లతో మీటింగులు మొదలవుతాయి. అదే వేళకు పక్క గదిలో పిల్లలు ఆటలో కూర్చుంటారు. "మీ వాయిస్ బ్రేక్ అవుతోంది, ఇంకోసారి చెప్పండి" అని అవతలి నుంచి వినిపించగానే చాలామంది మొదట చేసే పని నెట్ పెట్టిన అతనికి ఫోన్ చేయడం. "అన్నా, నెట్ స్లోగా ఉంది" అంటే, "స్పీడ్ టెస్ట్ కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టండి సార్" అని జవాబు. కొడితే 100కి 96 వస్తుంది. అతని లెక్కలో కనెక్షన్ బాగుంది, మీటింగ్‌లో కూర్చున్న మనిషి లెక్కలో బాగాలేదు. ఇద్దరి మాటా నిజమే. ఒకరు చూస్తున్నది పెద్ద సరుకు ఎంత తొందరగా దిగిందని. ఇంకొకరికి కావలసింది ఒక్కో చిన్న పొట్లం వేళకు చేరడం.

## నాలుగు కొలతలు, నాలుగు వేర్వేరు సంగతులు

బ్యాండ్‌విడ్త్ అంటే సెకనుకు ఎంత డేటా పట్టగలదన్న లెక్క. ప్లాన్ మీద రాసి ఉండేది అదే. లేటెన్సీ అంటే ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. ఆటలు ఆడేవాళ్లు దీన్నే పింగ్ అంటారు. ఆ సమయం ఒకసారి 20, ఇంకోసారి 90, మళ్లీ 35 మిల్లీ సెకన్లుగా ఊగుతుంటే ఆ ఊగిసలాట జిట్టర్. వందకు ఎన్ని ప్యాకెట్లు అసలు చేరలేదన్నది ప్యాకెట్ లాస్.

ఔటర్ రింగ్ రోడ్డు ఎనిమిది లేన్లు వెడల్పు. అంత వెడల్పున్నా శంషాబాద్ నుంచి పటాన్‌చెరు దూరం తగ్గదు. టోల్ గేటు దగ్గర ముందు నలభై లారీలు నిలబడి ఉంటే, వెనకొచ్చిన కారు ఎంత చిన్నదైనా ఆగాల్సిందే. వెడల్పు బ్యాండ్‌విడ్త్, దూరం మూల లేటెన్సీ, టోల్ గేటు దగ్గర నిలబడ్డ సమయం క్యూ. ఈ వ్యాసం ఎక్కువగా ఆ టోల్ గేటు గురించే.

## మీటింగ్‌కు ఎంత చాలు?

జూమ్ సంస్థ చెప్పే ప్రకారం గ్రూప్ మీటింగ్‌లో హెచ్‌డీ వీడియోకు మూడు ఎంబీపీఎస్ లోపే సరిపోతుంది. పూర్తి హెచ్‌డీకైనా నాలుగు దాటదు. మాట ఒక్కటే అయితే వంద కిలోబిట్లు కూడా అక్కర్లేదు. ఆటలు ఇంకా తక్కువలో సర్దుకుంటాయి. ఆట ఫైలు దించుకునేటప్పుడు గిగాబైట్లు కావాలి గానీ, ఆడుతున్నప్పుడు అటూ ఇటూ వెళ్లేది ఆటగాడు ఎక్కడున్నాడు, ఎటు తిరిగాడు, ఎప్పుడు కాల్చాడు అన్న చిన్న చిన్న సమాచారమే. సాధారణంగా అది ఒక ఎంబీపీఎస్ లోపు.

అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో మీటింగ్, ఆట రెండూ కలిపి వాడుకునేది ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. అందువల్లే ప్లాన్‌ను 100 నుంచి 300కి మార్చినా మాట తెగడం ఆగలేదన్న ఫిర్యాదు అంత తరచుగా వినిపిస్తుంది. తక్కువైంది బ్యాండ్‌విడ్త్ కానప్పుడు దాన్ని పెంచితే సమస్య ఎలా పోతుంది?

సమయం విషయంలో మాత్రం మీటింగులు, ఆటలు చాలా పట్టింపుగా ఉంటాయి. మీటింగ్ యాప్‌లు మాటను సాధారణంగా 20 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోసి పంపుతాయి. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోటి కొన్ని వందల బైట్ల లోపు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫార్సు ప్రకారం నోటి నుంచి అవతలి చెవి దాకా ఒకవైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుంది. 400 దాటితే నెట్‌వర్క్ ప్రణాళికకే పనికిరాదు. ఆ మధ్యలో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగి "మీరు చెప్పండి" అనుకోవడం మొదలవుతుంది.

## దూరం తినేది ఎంత?

ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడం కలిపి చూస్తే ప్రతి వంద కిలోమీటర్ల దూరానికి ఒక మిల్లీ సెకను. హైదరాబాద్ నుంచి ముంబై గాలి దారిన 620 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఆరు మిల్లీ సెకన్ల కంటే తక్కువ పింగ్ ఏ ప్లాన్‌తోనూ రాదు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో పరికరాలుంటాయి, కాబట్టి మంచి కనెక్షన్‌లో 15 నుంచి 25 వరకు కనిపించడం మామూలే. సింగపూర్ 3,300 కిలోమీటర్లు, అంటే కనీసం 33. న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లు, అంటే కనీసం 130. సముద్ర గర్భ కేబుళ్లు తిరిగే దారిని బట్టి అసలు అంకె 200 దాటుతుంది.

ఈ భాగాన్ని ఇంట్లో ఎవరూ మార్చలేరు. ఆటలో సర్వర్‌ను సింగపూర్ బదులు ముంబై ఎంచుకోవచ్చు, అంతే. అయితే దూరం వల్ల వచ్చే ఆలస్యానికి ఒక మంచి గుణం ఉంది. అది స్థిరంగా ఉంటుంది. ఎప్పుడూ 60 ఉండే పింగ్‌కు ఆటగాడి చెయ్యి అలవాటు పడుతుంది, ఆట సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని లెక్కలోకి తీసుకుని సర్దుతుంది. 20 నుంచి 300కి ఎగిరి మళ్లీ కిందికి వచ్చే పింగ్‌కు ఎవరూ అలవాటు పడలేరు. ఆ ఎగిరే భాగం దూరం నుంచి రాదు, క్యూ నుంచి వస్తుంది.

## ఒక ఇంటి లెక్క

మియాపూర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ప్లాన్ డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. (రెండూ సమానంగా ఇచ్చే ప్లాన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత వస్తుంది.) హాల్లో అక్క మీటింగ్‌లో ఉంది. లోపలి గదిలో తమ్ముడు ఆటలో ఉన్నాడు. అమ్మ పెళ్లి నుంచి వచ్చి ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టింది. అందులో పది నిమిషాల 4కే వీడియో ఉంది, దాదాపు నాలుగు గిగాబైట్లు. ఫోన్ వైఫై పట్టుకుని ఛార్జింగ్ ఎక్కగానే క్లౌడ్ బ్యాకప్ తనంతట తానే మొదలైంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాలుగు గిగాబైట్లు 20 ఎంబీపీఎస్ మీద వెళ్లాలంటే 1,600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు. ఆ 27 నిమిషాల్లో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం.

ఫోన్ నుంచి రౌటర్ దాకా వైఫై మీద డేటా వేగంగా వస్తుంది. రౌటర్ నుంచి బయటికి మాత్రం 20 మాత్రమే. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ కాబట్టి మిగిలింది అక్కడి పరికరంలోని మెమరీలో వరుసగా నిలబడుతుంది. ఈ మెమరీని బఫర్ అంటారు. అందులో పది లక్షల బైట్లు, అంటే ఒక మెగాబైట్ చోటు ఉందనుకుంటే, 1,500 బైట్ల పెద్ద ప్యాకెట్లు దాదాపు 667 పడతాయి. 20 ఎంబీపీఎస్ మీద ఒక్కో ప్యాకెట్ బయటికి పోవడానికి 0.6 మిల్లీ సెకను పడుతుంది. 667 పోవడానికి 400 మిల్లీ సెకన్లు.

ఇప్పుడు అక్క "హలో" అంది. ఆ మాట ముక్క చిన్న ప్యాకెట్‌గా వచ్చి ఆ 667 వెనక నిలబడుతుంది. తమ్ముడు ట్రిగ్గర్ నొక్కాడు, ఆ ప్యాకెట్ కూడా అక్కడే నిలబడుతుంది. దూరం వల్ల పట్టేది 20 మిల్లీ సెకన్లు, ఇంటి గుమ్మం దాటడానికే 400. ముంబైలో ఉన్న సర్వర్ ఒక్కసారిగా అమెరికా కన్నా దూరానికి జరిగినట్టయింది.

ఆ 400 కూడా స్థిరంగా ఉండదు. బ్యాకప్‌ను నడిపే టీసీపీ పద్ధతికి ముందున్న దారి ఎంత వెడల్పో తెలియదు. ప్యాకెట్ పోయేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది. బఫర్ నిండి ప్యాకెట్ కింద పడగానే వెనక్కి తగ్గుతుంది. ఈ రోజు ఎక్కువగా వాడే క్యూబిక్ పద్ధతి దాదాపు 30 శాతం తగ్గుతుంది. అప్పుడు క్యూ 400 నుంచి 270 మిల్లీ సెకన్ల చోటికి దిగి, మళ్లీ నిండటం మొదలవుతుంది. క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు, ఒకే ఎత్తులోనూ ఉండదు. ఆ ఎక్కి దిగడమే జిట్టర్. బఫర్ నిండిన క్షణంలో వచ్చిన ప్యాకెట్‌ను పరికరం పారేస్తుంది. అది బ్యాకప్‌దా, అక్క మాటదా అని చూడదు. అది ప్యాకెట్ లాస్. లేటెన్సీ, జిట్టర్, ప్యాకెట్ లాస్ మూడు వేర్వేరు రోగాల్లా కనిపిస్తాయి గానీ, ఇక్కడ మూడింటికీ మూలం ఒకే క్యూ.

ఈ జబ్బుకు ఇంజనీర్లు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. ఇంట్లో తనకే ఈ ఇబ్బంది ఎదురై, కారణం వెతుక్కుంటూ వెళ్లిన జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు 2010లో దీన్ని ఆ పేరుతో చర్చలోకి తెచ్చారు. మెమరీ చిప్‌లు చౌకబడ్డాక, ప్యాకెట్లు పోకుండా ఉంటే మంచిదేగా అన్న ఆలోచనతో తయారీదారులు బఫర్లను పెంచుకుంటూ పోయారు. ఫైళ్లు దించుకోవడానికి దానివల్ల పెద్ద నష్టం కనిపించదు. మాటకు, ఆటకు మాత్రం ఆలస్యంగా చేరిన ప్యాకెట్ పోయిన ప్యాకెట్‌తో సమానం.

## ఆలస్యం నష్టంగా ఎలా మారుతుంది?

మీటింగ్ యాప్‌లు సాధారణంగా యూడీపీ మీద నడుస్తాయి. పోయిన ముక్క మళ్లీ తెప్పించుకుని అతికించే తీరిక సంభాషణలో ఉండదు. అవతలి యాప్ దగ్గర ఒక చిన్న నిల్వ ఉంటుంది. దాన్ని జిట్టర్ బఫర్ అంటారు. ముక్కలు ఎగుడుదిగుడుగా వచ్చినా కాసేపు ఆపి, వరుస సరిచేసి, సమానంగా వినిపించడం దాని పని. ప్యాకెట్లు 30, 40 మిల్లీ సెకన్ల తేడాతో వస్తే అది సర్దుకుంటుంది, వినేవారికి తెలియదు. 130 మిల్లీ సెకన్లు ఊగితే అది రెండిట్లో ఒకటి చేయాలి. నిల్వను పెంచుకుంటే మాట ఆలస్యమవుతుంది. పెంచుకోకపోతే వేళ దాటి వచ్చిన ముక్కను పారేయాలి. అలా పారేసినప్పుడు పక్క ముక్కల నుంచి ఊహించి ఖాళీ పూరిస్తుంది. ఒక ముక్క పోతే చెవి పట్టుకోలేదు. వరుసగా నాలుగైదు పోతే మాట లోహం మీద గీసినట్టు వినిపిస్తుంది, ఆ తర్వాత తెగుతుంది. యాప్ కూడా ఆలస్యం పెరగడం గమనించి దారి ఇరుకైందనుకుని వీడియో నాణ్యత తగ్గిస్తుంది. 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో మొహం మసకబారడానికి కారణం ఇదే.

ఆటలో ఇంకో రకంగా తెలుస్తుంది. వాలొరాంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు, అంటే దాదాపు 8 మిల్లీ సెకన్లకోసారి ఆట స్థితిని లెక్కగడుతుంది. ఆటగాడి ప్యాకెట్లు 300 మిల్లీ సెకన్లు ఆగి గుంపుగా వచ్చి పడితే, సర్వర్‌కు అతను అంతసేపు నిలబడి ఒక్కసారిగా గెంతినట్టు కనిపిస్తుంది. ఇటు తమ్ముడి తెరమీద గోడ చాటుకు చేరినవాడు మళ్లీ వెనక్కి లాగినట్టు బయటికొస్తాడు, చచ్చిపోతాడు. అతని డౌన్‌లోడ్ దారి ఆ క్షణంలో దాదాపు ఖాళీగా ఉంది.

## స్పీడ్ టెస్ట్ దీన్ని ఎందుకు పట్టుకోదు?

స్పీడ్ టెస్ట్ యాప్ పెద్ద అక్షరాల్లో చూపే పింగ్‌ను పరీక్ష మొదలవకముందే, దారి ఖాళీగా ఉన్నప్పుడు కొలుస్తుంది. తెల్లవారుజామున ఔటర్ మీద కారు నడిపి సాయంత్రం రద్దీ గురించి చెప్పడం లాంటిది అది. ఇంకో సంగతి, నెట్ అతను టెస్ట్ కొట్టమన్నప్పుడు మీటింగ్ ఆపేస్తారు, ఆట ఆపేస్తారు, అప్పటికి బ్యాకప్ కూడా అయిపోయి ఉండవచ్చు.

అయితే ఇప్పుడు కొన్ని టెస్టులు రద్దీలో ఉన్న లేటెన్సీని కూడా చూపుతున్నాయి. ఊక్లా స్పీడ్ టెస్ట్‌లో పింగ్ పక్కన డౌన్‌లోడ్ బాణం, అప్‌లోడ్ బాణంతో ఇంకో రెండు అంకెలుంటాయి. fast.com లో వివరాలు తెరిస్తే Unloaded, Loaded అని రెండుంటాయి. చూడాల్సింది ఆ తేడా. ఖాళీగా 15, రద్దీలో 40 అయితే దిగులు లేదు. ఖాళీగా 15, రద్దీలో 400 అయితే పైన చెప్పిన క్యూ అక్కడుంది. స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు పెద్ద అంకెను పంపి ఈ చిన్న అంకెల్ని వదిలేస్తుంటారు.

నియంత్రణ వైపు కూడా మార్పు వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వేగంతో పాటు లేటెన్సీ, ప్యాకెట్ డ్రాప్, జిట్టర్ కూడా కొలతలుగా ఉన్నాయి. అవి ఆపరేటర్ నెట్‌వర్క్‌కు వర్తించేవి. ఇంట్లో ఫోన్ బ్యాకప్ పేర్చిన క్యూ ఆ లెక్కలోకి రాదు.

## తప్పు ఎక్కడుందో తేల్చే పద్ధతి

ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకదానిలో ఇంటి రౌటర్‌కు, ఇంకోదానిలో బయటి చిరునామాకు పింగ్ నడపాలి. విండోస్‌లో ఇలా:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

రౌటర్ చిరునామా ఇంటింటికీ మారవచ్చు. ipconfig కొడితే Default Gateway దగ్గర కనిపిస్తుంది. రెండూ నడుస్తుండగా ఒక పెద్ద ఫైలును క్లౌడ్‌కు ఎక్కించాలి. మన ఉదాహరణ ఇంట్లో రెండో కిటికీ ఇలా మారుతుంది:

```
Reply from 8.8.8.8: bytes=32 time=18ms TTL=117
Reply from 8.8.8.8: bytes=32 time=19ms TTL=117
Reply from 8.8.8.8: bytes=32 time=236ms TTL=117
Reply from 8.8.8.8: bytes=32 time=391ms TTL=117
Request timed out.
Reply from 8.8.8.8: bytes=32 time=304ms TTL=117
```

మొదటి కిటికీలో రౌటర్ జవాబు రెండు, మూడు మిల్లీ సెకన్ల దగ్గరే ఉంటే వైఫై బాగున్నట్టు, క్యూ రౌటర్ దాటే చోట ఉన్నట్టు. అప్‌లోడ్ ఆపగానే రెండో అంకె మళ్లీ 18కి దిగితే ఇంక అనుమానం అక్కర్లేదు.

రౌటర్‌కు వేసిన పింగే 5 నుంచి 150కి ఊగుతుంటే తప్పు వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పది అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఇరవై, ముప్పై రౌటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. వైఫైలో ప్యాకెట్ పోతే పరికరం దాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంది. నష్టం అలా ఆలస్యంగా మారుతుంది, పైకి జిట్టర్‌గా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం, వీలైతే రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగడం దీనికి మందు. క్యూ రౌటర్ అవతలి వైపు ఉంటే మాత్రం వైరు లాగినా లాభం ఉండదు. రెండు కిటికీలు పక్కపక్కన చూడమన్నది అందుకే.

మూడో రకం ఇంకా వేరు. ఎవరూ ఏమీ వాడని తెల్లవారుజామున కూడా రౌటర్ పింగ్ బాగుండి, బయటి పింగ్‌లో వందకు రెండు, మూడు పోతూ ఉంటే తప్పు ఫైబర్ తీగలో గానీ ఆపరేటర్ వైపు గానీ ఉంటుంది. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో ఫైబర్ విద్యుత్ స్తంభాల మీదుగానే వస్తుంది. 2025 ఆగస్టులో ఆ స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించినప్పుడు నగరంలో చాలా ఇళ్లకు నెట్ ఆగిపోయింది. తెగిన ఫైబర్‌ను మళ్లీ అతికినప్పుడు జాయింటు సరిగా కుదరకపోతే, గోడ మూల దగ్గర తీగ మరీ వంగిపోతే, వెలుతురు కొంత దారిలోనే పోతుంది. ఇంట్లోని ఫైబర్ బాక్స్ పేజీలో అందే వెలుతురు బలాన్ని చెప్పే RX Power అన్న అంకె ఉంటుంది. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో సాధారణంగా వాడే బీ ప్లస్ రకం పరికరాలకు హద్దు మైనస్ 27 డీబీఎం. మైనస్ 20 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 27కు దగ్గరపడితే నెట్ పూర్తిగా పోదు, స్పీడ్ టెస్ట్ కూడా ఫర్వాలేదనిపించవచ్చు, కానీ ప్యాకెట్లు అక్కడక్కడా పోతుంటాయి. ఈ ఒక్క అంకె ఫోటో తీసి పంపితే నెట్ అతను ఫైబర్‌ను అతికే ఫ్యూజన్ మెషీన్ పట్టుకుని రావడానికి కారణం దొరుకుతుంది.

పింగ్ కొలతలో ఒక జాగ్రత్త ఉంది. కొన్ని రౌటర్లు, మధ్యలోని కొన్ని పరికరాలు పింగ్ జవాబును చివరి పనిగా చూస్తాయి. అందుకని ఒకటి రెండు పెద్ద అంకెల్ని పట్టించుకోకుండా వందకు తక్కువ కాకుండా చూడాలి. జూమ్ సెట్టింగుల్లో Statistics పేజీ మీటింగ్ నడుస్తుండగానే పంపే వైపు, అందుకునే వైపు లేటెన్సీ, జిట్టర్, ప్యాకెట్ లాస్‌లను విడివిడిగా చూపుతుంది. పంపే వైపు మాత్రమే చెడితే అప్‌లోడ్ మీద అనుమానం బలపడుతుంది.

## క్యూను చిన్నది చేయడం

దారి దొరికింది ఒక చిన్న ఎత్తుగడలో. అప్‌లోడ్ నిజంగా 20 అయితే, రౌటర్‌లో దాన్ని 18కి పరిమితం చేయాలి. పది శాతం వదులుకోవడం తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. కానీ అప్పుడు క్యూ ఆపరేటర్ పరికరంలోని గుడ్డి బఫర్‌లో పేరుకోదు, మన రౌటర్‌లోనే పేరుకుంటుంది. దాన్ని ఎలా నడపాలో మనం చెప్పవచ్చు.

నడిపే పద్ధతుల్లో పేరున్నది ఎఫ్‌క్యూ కోడెల్. దాని కోడెల్ భాగాన్ని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ రూపొందించారు. మొత్తం పద్ధతి 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా ప్రచురితమైంది. అది రెండు పనులు చేస్తుంది. బ్యాకప్‌కు ఒక వరుస, మీటింగ్‌కు ఒక వరుస, ఆటకు ఒక వరుస వేరు చేసి వంతులవారీగా పంపుతుంది. తక్కువ ప్యాకెట్లు పంపే వరుసకు ముందు దారిస్తుంది. రెండోది, ఏ వరుసలోనైనా ప్యాకెట్లు 5 మిల్లీ సెకన్ల కంటే ఎక్కువసేపు నిలబడటం దాదాపు 100 మిల్లీ సెకన్లపాటు కొనసాగితే, ఒకటి పారేసి పంపేవాడికి సంకేతం ఇస్తుంది. బ్యాకప్ వెంటనే తగ్గుతుంది. బఫర్ మొత్తం నిండేదాకా ఆగదు. దీని తర్వాతి రూపం కేక్. అది 2018లో లైనక్స్ కెర్నెల్ 4.19లో చేరింది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్‌లో క్యూను నడిపే SQM ప్యాకేజీ పెట్టి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు ఇచ్చి cake ఎంచుకుంటే చాలు.

మియాపూర్ ఇంటి లెక్కకు మళ్లీ వెళ్తే, 18 మీద బ్యాకప్ 27 నిమిషాల బదులు 30 నిమిషాల్లో ముగుస్తుంది. మీటింగ్ ప్యాకెట్‌కు అదనంగా పట్టే సమయం 400 నుంచి పది మిల్లీ సెకన్ల లోపుకు దిగుతుంది. ధర మూడు నిమిషాలు, అదీ ఎవరూ కనిపెట్టని మూడు నిమిషాలు. దానికి బదులు డబ్బు పోసి అప్‌లోడ్‌ను 40కి పెంచితే? అదే బఫర్ ఖాళీ కావడానికి 200 మిల్లీ సెకన్లు పడుతుంది, బ్యాకప్ 13 నిమిషాల్లో అయిపోతుంది. సగం బాధ సగంసేపు. అది కూడా మేలే. కానీ అమ్మ ఫోన్ ఉన్నంతకాలం రోజూ తిరిగొచ్చే బాధ.

ఆపరేటర్ ఇచ్చిన డబ్బా రౌటర్లలో ఈ సెట్టింగ్ ఉండకపోవచ్చు. కొన్నిటిలో QoS అన్న పేరుతో ఏ పరికరానికి ఎంత అప్‌లోడ్ అన్న హద్దు పెట్టే వీలుంటుంది. అమ్మ ఫోన్‌కు 10 ఎంబీపీఎస్ హద్దు పెడితే పూర్తి మందు కాకపోయినా పని జరుగుతుంది. అదీ లేకపోతే బ్యాకప్‌ను రాత్రి వేళకు మార్చుకోవడమే.

## ఈ మందు పనిచేయని చోట్లు

అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ 100 ఉన్న ప్లాన్‌లో ఇరుకు చోటు మారిపోతుంది. మూల గదిలో వైఫై 30 మాత్రమే ఇస్తుంటే క్యూ ఫోన్‌లోనూ, రౌటర్ వైఫై వైపునా పేరుకుంటుంది. బయటి దారిని 90కి బిగించినా దాని ప్రభావం ఆ క్యూ మీద ఉండదు. అక్కడ ముందు వైఫైనే సరిచేయాలి. వేగం ఎక్కువైన కొద్దీ ఈ లెక్కలన్నీ వేయడానికి రౌటర్ ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. చవక రౌటర్‌లో కేక్ పెట్టి 500 ఎంబీపీఎస్ ఆశిస్తే అందులో సగం కూడా రాకపోవచ్చు. 5జీ ఫిక్స్‌డ్ వైర్‌లెస్ కనెక్షన్‌లో దారి వెడల్పే నిమిష నిమిషానికీ మారుతుంది కాబట్టి, ఏ అంకె దగ్గర బిగించాలన్నది తేలదు. తక్కువకు బిగిస్తే వేగం వృథా, ఎక్కువకు బిగిస్తే క్యూ మళ్లీ అవతలికి పోతుంది.

డౌన్‌లోడ్ వైపు పట్టు ఇంకా తక్కువ. అక్కడి క్యూ ఆపరేటర్ పరికరంలో ఉంటుంది, ప్యాకెట్ అప్పటికే ఇరుకు దాటి వచ్చేస్తుంది. రౌటర్ చేయగలిగింది దించుకునే వేగాన్ని కాస్త తగ్గించి పంపేవాడికి పరోక్షంగా చెప్పడమే. డౌన్‌లోడ్‌ను అసలు వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర పెట్టమనేది అందుకే. రాత్రి తొమ్మిదికి కాలనీ మొత్తానికి ఆపరేటర్ లైనే నిండిపోతే ఆ క్యూ ఇంటి రౌటర్‌కు కనిపించదు. ఇంట్లో అన్నీ ఆపేసి, ల్యాన్ వైరుతో, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి వంద పింగ్‌లు తీసి పక్కపక్కన పెడితే ఆ తేడా బయటపడుతుంది. నెట్ అతనికి వాట్సాప్‌లో పంపాల్సింది స్పీడ్ టెస్ట్ బదులు ఆ రెండు స్క్రీన్‌షాట్లు, వాటి కింద సమయం.